బతికుంటే రాని డబ్బు

ఇరవై అయిదేళ్ల వయసులో కొల్లేట్లో దోనె బోల్తాపడి, తుఫానులో ఈదుకుని గట్టెక్కానని మనవలకి చెబుతుంటాను. నిజానికి అక్కడ మోకాటి లోతు నీళ్లు. తుఫాను లేదు, నేనే లేచి నిలబడి ఒరిగించాను. కానీ బురదలో మునిగి ఇంటికి వచ్చిన నన్ను చూసి మా ఆవిడకు భయం పట్టుకుంది. లంకలోని మిషను బడిలో పంతులు పని నాది. నా ఇరవై రూపాయల జీతం మీదే ఆవిడ, మా అమ్మ, బడికెళ్లే ఇద్దరు తమ్ముళ్లు బతుకుతున్నారు.

ఏలూరు నుంచి బీమా ఏజెంటు వచ్చాడు. ఆదివారం ఆరాధన అయ్యాక గుడి అరుగు మీదే అందరి ముందూ కూర్చున్నాడు. నెలకు రెండు రూపాయలకి మించి కట్టలేనన్నాను.

"ఎండోమెంట్ తీసుకోండి. ఇరవై ఏళ్లకి అయిదు వందలు మీ చేతికొస్తాయి. మధ్యలో ఏదన్నా అయితే అవే అయిదు వందలు ఇంట్లోవాళ్లకి ఇస్తారండీ."

ఆ అయిదు వందలతో తాడేపల్లిగూడెంలో రైసుమిల్లు పెట్టేద్దామనుకున్నాను. అంత డబ్బుకి మిల్లు గుమ్మం కూడా రాదని నాకు తెలియదు. సంతకానికి కలం అందుకున్నాను.

"ఏవండీ, ఆగండి," అంది మా ఆవిడ. "అయిదు వందలంటే మీ రెండేళ్ల జీతం. ఆ తర్వాత మేం ఏం తినాలండీ? మీ చిన్నతమ్ముడికి ఇంకా ఎనిమిదేళ్లే."

ఏజెంటు గొంతు సవరించుకున్నాడు. "ఇదే ప్రీమియానికి పదేళ్ల టెంపరరీ పాలసీ అయితే దాదాపు రెండు వేలు వస్తాయమ్మా. కానీ పదేళ్లూ బతికుంటే పైసా రాదు. కట్టిందంతా పోయినట్టే."

"బతికుంటే ఆయన జీతం తెస్తారు కదండీ."

సంఘం పెద్దగారికి మండింది. "చస్తేనే డబ్బొచ్చే కాయితమా! దేవుడి మీద నమ్మకం లేదామ్మా?"

"ఉందండీ పెదనాన్నగారూ. మరి గుడికి తాళం ఎందుకేస్తున్నారండీ?"

పెద్దగారు తాళం చెవి జేబులో వేసుకుని లేచారు. ఏజెంటు నోట్లోంచి అంతదాకా టెంపరరీ మాటే ఎందుకు రాలేదో నాకప్పుడు అర్థమైంది. ఎండోమెంట్ మీద కమీషను లావు.

టెంపరరీయే తీసుకున్నాను. ఆ తెలివి నాదేనని ఊరంతా చెప్పుకున్నాను. ఎవరూ నమ్మలేదు, అందరూ అక్కడే ఉన్నారు గనక.

పదేళ్లూ బతికాను. పైసా రాలేదు. పెద్దగారు గుడి దగ్గర ఆపి, "రెండువందల నలభై రూపాయలు కొల్లేట్లో పారబోశావురా," అన్నారు. నాకూ కడుపు మండింది. ఇంటికొచ్చి మా ఆవిడ మీద ఎగిరాను.

ఆవిడ అన్నం వడ్డిస్తూనే ఉంది. పక్కన మా పెద్దతమ్ముడు గణపవరం బడిలో అందుకున్న తన మొదటి జీతం అమ్మ చేతిలో పెడుతున్నాడు.

"ఇంక మీరు లేకపోయినా ఇల్లు గడుస్తుందండీ. ముందు తినండి," అంది.