మొదటి ఏడే బరువు

ప్రెస్సుకు పది లక్షల కొత్త అచ్చుయంత్రం వచ్చింది, ఆయుష్షు ఐదేళ్లు. ఏటా తగ్గే దాని విలువను, అంటే తరుగును, ఖాతాల్లో ఎలా రాయాలో లెక్కలావిడ యజమానికి చెబుతోంది.

“మిగిలిన విలువ మీద నలభై శాతం తీస్తే ఈ ఏడు నాలుగు లక్షలు, వచ్చే ఏడు రెండు లక్షల నలభై వేలు. లాభం ముందు చిక్కిపోయి, తర్వాత పుంజుకుంటుంది. సమానంగా తీస్తే ఏటా రెండు లక్షలే. యంత్రాన్ని వదిలించుకునేసరికి మొత్తం ఒకటేనండీ.”

“మొదటి ఏడే అంత దెబ్బా? వద్దమ్మా, సమానంగానే రాసెయ్యండి.”

ఆవిడకు ఒళ్లు మండింది. భర్త పోయినప్పుడు ఈయనే గుమ్మంలో నిలబడి, “మొదటి ఏడే కష్టమమ్మా, ఆపైన తేలికవుతుంది” అన్నాడు. ఏం తేలిక? సాయంత్రం తాళం తీసి చీకటింట్లో లైటు వేసుకునేటప్పుడు ఏటా అంతే బరువు.

యంత్రానికైతే ఐదో ఏటితో తీరిపోతుంది. ఆవిడకిది ఆరో ఏడు.