నెత్తళ్ళా, కట్లెట్టా?

డిగ్నాబాద్‌లో కృపానందం మెస్సు అంటే ఆ దీవిలో అందరికీ తెలుసు. కానీ అక్కడ వండేది కృపానందం కాదు, అతని భార్య సంతోషకుమారి. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం భోజనం, బోర్డు మీదున్న ప్రతి కూరా ఆవిడ చేతిదే. ఆఫీసు బాబులు తిని, చెయ్యి కడుక్కుని, "దీదీ, ఆజ్ మజా ఆ గయా" అని వెళ్తుంటే ఆవిడ తల ఊపేది. ఆ ఒక్క మెప్పు మాటతో సాయంత్రం దాకా నడుము నొప్పి గుర్తొచ్చేది కాదు.

మరిది స్టీవెన్ పెళ్ళి చేసుకుని టీనాను తెచ్చాక ఆ మాటకు వాటాదారు వచ్చింది. టీనా అదే దీవిలోని షాదీపూర్ పిల్ల. ఇక్కడే పుట్టి పెరిగింది. తెలుగు గలగలా మాట్లాడుతుంది గాని, చదవమంటే అక్షరాల దగ్గర తడబడుతుంది. వచ్చిన కొత్తల్లోనే మెస్సు పేరున ఫేస్‌బుక్ పేజీ పెట్టింది. ఫొటోలు తీసి హిందీలో నాలుగు ముక్కలు రాస్తే చాలు, మధ్యాహ్నానికి బల్లలు నిండేవి. వచ్చినవాళ్ళు గరిటె పట్టినావిడను వదిలేసి, ఫోను పట్టినావిడను పలకరించేవాళ్ళు. సంతోషకుమారికి కడుపు మండేది. మండదా మరి? పొగ పీల్చేది ఒకరు, పొగడ్తలు అందుకునేది ఇంకొకరు.

ఇలా ఉండగా బోర్డు మీదికి కొత్త ఐటం ఒకటి పెట్టాలనుకున్నారు. పొయ్యి దగ్గర ఒక్కదానికే చోటుంది. సంతోషకుమారి ఎండు నెత్తళ్ళ చేపలు వేసిన వంకాయ కూర అంది. అది వాళ్ళ అమ్మ చేసే కూర. టీనా టూనా కట్లెట్ అంది. కృపానందం ఎవరి వైపూ చూడకుండా, "తినేవాళ్ళనే అడగండి" అని తప్పించుకున్నాడు.

"పోల్ పెడదాం అక్కా," అంది టీనా. "రెండు ఫొటోలు పెడదాం. కింద కామెంట్‌లో ఒకటో రెండో రాయమందాం. శనివారం సాయంత్రం దాకా టైం. కెప్షన్ నేను రాస్తా."

ఆ చివరి మాట సంతోషకుమారికి గుచ్చుకుంది. రాసేది ఆ పిల్లయితే కట్లెట్‌కు పూలూ, నెత్తళ్ళకు ముళ్ళూ పడతాయని భయం. "ఈసారి నేను రాస్తాను. మన చర్చి సంఘంవాళ్ళంతా తెలుగులోనే చదువుతారు," అంది.

"అచ్ఛా, రాయండి. కానీ నంబర్ రాయమన్న మాట పెహలే రావాలి అక్కా. పొడుగైతే లోపలికెళ్ళిపోద్ది, ఎవరూ నొక్కి చూడరు."

నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల తనకు రాయడం నేర్పుతుందా? ఏళ్ళ తరబడి స్త్రీల కూడికలో సాక్ష్యం చెప్పిన మనిషి తను. బియ్యం డబ్బా మీద కూర్చుని, ఫోనులో ఒక్కో అక్షరం ఏరుకుంటూ రాసింది. "ప్రభువు నామమున అందరికీ వందనాలు. మా అమ్మ ప్రభువునందు నిద్రించింది. ఆమె చేతి కూర తలచుకుంటే ఇప్పటికీ కన్నీళ్ళు ఆగవు." అక్కణ్ణుంచి నెత్తళ్ళ వాసన, వంకాయల లేతదనం, అమ్మ మంచితనం వరుసగా నడిచాయి. కట్లెట్ గురించి మాత్రం, "రెండవది కట్లెట్. అది బజారులో ఎక్కడైనా దొరుకును" అని ఊరుకుంది. ఒకటో రెండో రాయమన్న మాట అన్నిటికన్నా అడుగున పడింది. టీనా ఫోను అందుకుని, చదవలేక, నమ్మకంతో అలాగే పెట్టేసింది.

గంటలోపే కామెంట్లు కురిశాయి. అన్నీ సంఘంవాళ్ళవే. "ఆమెన్." "ఆమెన్ సిస్టర్." "ప్రభువు ఆదరించును గాక." సంతోషకుమారి ఉబ్బిపోయింది. ఊరంతా నెత్తళ్ళ వైపే ఉందనుకుంది. ఆమెన్ అంటే ఒకటి కాక మరేమిటి? ఆ రోజు టీనాకు చేప ముక్క పెద్దది వేసింది కూడా. గెలిచేవాళ్ళకు దయ కాస్త ఎక్కువే ఉంటుంది.

ఆదివారం ఆరాధన నడుస్తోంది. పాస్టరుగారు గొంతు తగ్గించి, "తల్లిని కోల్పోయి దుఃఖంలో ఉన్న మన సహోదరి సంతోషకుమారి కోసం ప్రార్థన చేద్దాం," అన్నారు. సంఘమంతా తలలు వంచింది. పక్కనున్న కేథరిన్ వదిన ఆవిడ చెయ్యి పట్టుకుని కళ్ళు తుడుచుకుంది. సంతోషకుమారి తల్లి పోయి ఎన్నో ఏళ్ళయింది. అయినా దుఃఖంలో ఉన్నట్టే కూర్చుంది.

బయటికి రాగానే టీనా అడిగింది. "అక్కా, కెప్షన్‌లో ఏం రాశారు? ఒక్కరూ నంబర్ పెట్టలేదు. మన బెంగాలీ బాబులైతే ట్రాన్స్‌లేట్ నొక్కి చూసి, ఎవరు పోయారని స్టీవెన్‌కి ఫోన్లు చేస్తున్నారు. చదివి వినిపించండి."

తప్పించుకునే దారి లేక చర్చి గేటు పక్కన నిలబడి చదివింది. పై మూడు వరుసలే బయటికి కనిపిస్తున్నాయి. మిగతాదంతా "ఇంకా చూడండి" అన్నదాని వెనక దాక్కుంది. దాన్ని నొక్కింది. కట్లెట్ మాట దగ్గరకు వచ్చేసరికి గొంతు తగ్గింది. టీనా అంతా విని తప్పు పట్టలేదు. నాలుగు మాటలు అన్నా బాగుండేది. తీసిన గోతిలో తనే పడ్డప్పుడు, పైనుంచి చెయ్యి అందించే మనిషిని చూస్తే ఇంకా ఒళ్ళు మండుతుంది.

"మీ అమ్మ ఆ కూర వండితే ఎలా ఉండేదక్కా?" అంది టీనా.

"ఎలా ఉండేదేంటి? వాసనకే పక్కింటివాళ్ళు అన్నం గిన్నెలు పట్టుకుని వచ్చేసేవాళ్ళు."

"బస్, అదే చాలు."

ఆ సాయంత్రం పాతది తీసేసి కొత్త పోస్టు పెట్టారు. టీనా చెప్పింది, సంతోషకుమారి తెలుగులో కొట్టింది, కింద హిందీలో టీనా రాసింది. "కొత్త ఐటం మీరే చెప్పండి. కామెంట్‌లో 1 లేదా 2 అని మాత్రం రాయండి. గడువు శనివారం సాయంత్రం. 1. ఎండు నెత్తళ్ళ వంకాయ: వాసనకే పక్కింటివాళ్ళు అన్నం గిన్నెతో వచ్చే కూర. 2. టూనా కట్లెట్: వేడివేడిగా, కరకరలాడుతూ." అంతే. తన దానికి టీనా ఒక్క మాట కూడా ఎక్కువ వేసుకోలేదు. అది చూసి సంతోషకుమారికి నిద్ర పట్టలేదు.

నెత్తళ్ళే గెలిచాయి. సంఘంవాళ్ళు ఈసారి "1 ఆమెన్" అని రాశారు. బెంగాలీలు, తమిళులు కూడా ఒకటే కొట్టారు. టీనా చప్పట్లు కొట్టింది. కృపానందం బోర్డు మీద సుద్దముక్కతో కూర పేరు రాశాడు. సంతోషకుమారి దాన్ని చూస్తూ నిలబడింది. కోరుకున్నదే జరిగింది. ఆనందం మాత్రం సగం ఉడికిన పప్పులా ఉండిపోయింది.

సోమవారం మధ్యాహ్నం రోజూ వచ్చే ఆఫీసు బాబు కూర్చుంటూనే, "దీదీ, వో గిన్నె వాలీ సబ్జీ," అన్నాడు. సంతోషకుమారి స్వయంగా వడ్డించి, అక్కడే నిలబడింది. ఆయన గిన్నె అడుగు దాకా ఊడ్చుకు తిన్నాడు. చెయ్యి కడుక్కుని, "జైసా లిఖా థా, బిల్కుల్ వైసా హీ. కిస్‌నే లిఖా?" అన్నాడు.

రాసినట్టే ఉందన్నాడు. వండిందెవరని అడగలేదు. రాసిందెవరని అడిగాడు.

ఆవిడ విననట్టు పళ్ళెం తీసుకుని లోపలికి వచ్చేసింది. పొయ్యి దగ్గర టీనా ఆత్రంగా ఎదురుచూస్తోంది.

"ఏమన్నాడక్కా?"

సంతోషకుమారి పళ్ళెం తొట్టిలో పడేసింది. "ఉప్పెక్కువైందన్నాడు," అంది.

టీనా మొహం వాడిపోయింది. గరిటెతో కాస్త కూర అరచేతిలో వేసుకుని నాకి చూసింది.

"లేదక్కా," అంది. "సరిగ్గా సరిపోయింది."