తొందరలేని ఆఫర్

గిద్దలూరులోని ఓ నగల దుకాణానికి ఆఫర్ క్యాప్షన్లు రాసేది యజమాని కోడలు హిమబిందు. నిరుడు ధనత్రయోదశికి "ఈరోజే ఆఖరు, త్వరపడండి" అని రాసింది. ఆటో మైకులో అది విని, దగ్గర్లోని రాచర్ల ఊరి ఎల్లమ్మ తన మేకల్ని అమ్మి రాళ్ల హారం కొన్నది. వేసవిలో భర్తకు జబ్బుచేస్తే దాన్ని తిరిగి అమ్మడానికి తెచ్చింది. తరుగు కింద కట్టిన సొమ్మూ, రాళ్ల ఖరీదూ పోతాయని విని, "అప్పుడే చెప్పుంటే మేకల్నే ఉంచుకునేదాన్ని గదమ్మా," అన్నది మెల్లగా. భర్త దక్కలేదు.

ఈ ఏడు హిమబిందు ఇలా రాసింది: "దీపావళి దాకా తరుగులో సగం తగ్గింపు. రాళ్ల బరువుకు బంగారం ధర వేయం. హాల్‌మార్క్ నంబరు మీరే సరిచూసుకోండి. తిరిగి అమ్మితే తరుగు, రాళ్ల సొమ్ము రావు. ఇంట్లో మాట్లాడుకుని రండి."

"ఇట్ల రాస్తే ఎవరొస్తారమ్మా?" అన్నాడు మామ. ఆ రాత ఇంకోసారి చదివి, "ఉండనీలే," అన్నాడు.

కొందరు వచ్చినారు. వారిలో రాచర్ల వాళ్లను హిమబిందు ఎల్లమ్మ గురించి అడిగింది.

"కూలికి పోతా ఉంది," అన్నారు.

వాళ్లు ఎంచుకున్న గొలుసు తిరిగి అమ్మితే ఎంతొస్తుందో హిమబిందు చీటీ మీద రాసిచ్చింది.