ఆర్నెల్లన్న మాట, మూడు నెలలన్న కాగితం

ఆ వారమంతా సంధ్యారాణికి కాలు ఒకచోట నిలవలేదు. చోడవరంలో రక్తపరీక్షల ల్యాబ్ ఉద్యోగం మానేస్తున్నానని చెప్పేసింది. ఆ కుర్చీలో మరొకర్ని కూర్చోబెట్టేశారు కూడా. మనుషుల్ని పనులకు పంపే ఏజెన్సీ సత్యారావు, మందుల కంపెనీ ల్యాబ్‌లో టెంపరరీ పని ఇప్పిస్తానన్నాడు. ఆర్నెల్లు, రోజుకి ఏడువందలు, ఆపైన రెన్యువల్. అంతా నోటిమాటే. సొంత ఊరివాడు, బాబాయ్ వరస. అలాంటివాణ్ణి ముందే కాగితం అడిగితే మా వైపు అది తిట్టుతో సమానం. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, తల్లి దేముడమ్మ అప్పటికే వీధంతా చెప్పుకొచ్చింది.

తీరా కాగితం ఫోన్‌కి వచ్చాక చూస్తే మూడు నెలలే. రోజుకి ఆరువందలు. రెన్యువల్ కంపెనీ అవసరాన్ని బట్టి. మెసేజ్ పెడితే టిక్కులు నీలంగా మారాయి తప్ప జవాబు లేదు. ఇక ఉండబట్టలేక బస్టాండు ఎదురుగా మేడ మీదున్న ఆఫీసుకి తనే వెళ్ళింది.

"ఏటమ్మా, మనోళ్ళ మీద నమ్మకం లేదేటి?" అన్నాడు సత్యారావు.

"ఉంది బాబాయ్. మరి ఆర్నెల్లన్నారు కదా?"

"కంపెనీవోళ్ళు మూడు నెలలకే ఆర్డరిచ్చేరు. నానేటి సేస్తాను?"

"రోజుకో వంద తగ్గిందేటి?"

"పీఎఫ్‌లో, ఈఎస్‌ఐలో కంపెనీ కట్టే వాటా ఉంటాది కదా. అది కలిపితే ఏడొందలే."

ఆమెకి ఒళ్ళు మండింది. భయమూ వేసింది, ఇతను పొమ్మంటే ఇంట్లో కూర్చోవడమే. అయినా ఫోన్ తీసి, పని ఇప్పిస్తానన్నప్పుడు అతను పంపిన వాయిస్ మెసేజ్ వినిపించింది. "కంపెనీ వాటా కాకండా నీకే ఏడొందలమ్మా" అని అతని గొంతే గదిలో పలికింది. పక్క టేబుల్ దగ్గర టైపు కొట్టే అమ్మాయి తల దించుకుంది.

సత్యారావు బయటికెళ్ళి కంపెనీతో చాలాసేపు ఫోన్‌లో మాట్లాడాడు. ఆమె కూర్చుంది, లేచింది, మళ్ళీ కూర్చుంది. చివరికి కాగితంలో ఏడువందలూ పడ్డాయి. రెన్యువల్ ఉందో లేదో పదిహేను రోజుల ముందే చెప్పాలన్న మాట కూడా అడిగి రాయించుకుంది. మూడు నెలలు మాత్రం కదలలేదు.

"ఈ రేటు నీకొక్కదానికే. ఎవులికీ సెప్పకు," అన్నాడు కాగితం ఇస్తూ. "రేపు రెన్యువల్‌కి పేర్లు పంపేది నానే."

కిందికి దిగి, ఇంకా కదలని రోలుగుంట బస్సెక్కితే, పక్క సీట్లో రేవతి. ఇద్దరూ సత్యారావు ద్వారానే ఒకే కంపెనీకి, ఒకే పనికి వెళ్ళాల్సినవాళ్ళు. రేవతి నిన్ననే సంతకం పెట్టేసింది.

"నాకు ఆరొందలు రాసేరే. నీకెంత?"

సంధ్యారాణి చేతిలో కాగితం మడిచింది. మూడు నెలల తర్వాత పంపే పేర్లలో తన పేరు ఉండకపోవచ్చని ఆమెకి తెలుసు.

"ఏడొందలు," అంది. "పైకెళ్ళి అడుగు. ఇంకా ఆఫీసులోనే ఉన్నాడు."

రేవతి బ్యాగు తీసుకుని గబగబా దిగిపోయింది. నా పేరు చెప్పకు అని వెనక నుంచి అరవబోయి, మానేసింది సంధ్యారాణి.