అవ్వకు బాగానే ఉండాది

ఉదయగిరి రాహేలమ్మ కూతురు సుధారాణికి అబద్ధమాడటం చేతకాదు. చేతనైతే ఈ కథే లేదు. నర్సింగ్ చదివి, ఓ చిన్న ఆసుపత్రిలో రెండేళ్లు ఒళ్లు హూనం చేసుకున్న పిల్ల.

ఆత్మకూరులో ఇంకో ప్రైవేటు ఆసుపత్రి ఆమెకు ఉద్యోగం ఇస్తామంది. అక్కడ మనుషుల్ని తీసుకునేది సురేంద్రబాబు. ఇంటర్వ్యూలో ఆయన మొహం మీదే అన్నాడు: "మీ ఉదయగిరి పక్క మెట్ట ఊళ్ల పిల్లలు వస్తామంటారు, చేరాల్సిన రోజు ఫోన్ ఆపేస్తారు. నువ్వు అట్ల చేయబాకమ్మా." శనివారంలోగా ఏ సంగతో చెప్తానని ఆమె మాటిచ్చింది.

ఇంతలో నెల్లూరు నుంచి పిలుపు. గుండెజబ్బుల ఐసీయూ, పని నేర్పిస్తారు, హాస్టలూ ఇస్తారు. ఆఫర్ లెటర్ చేతికొచ్చాకే ఒప్పుకుంటూ మెయిల్ పెట్టింది. గురువారం ఉదయమే ఆత్మకూరుకు ఫోన్ కలిపింది. మెట్ట పిల్లలందరి మాటా తన మీదే ఉన్నట్టనిపించింది పాపం.

ఆమె నోరు తెరవకముందే సురేంద్రబాబు అందుకున్నాడు. "మీ అవ్వకు సీరియస్ అంట గదమ్మా. డేవిడ్‌రాజు చెప్పినాడు. తీసుకొచ్చేయ్, ఇక్కడ బెడ్ పెట్టించినాను. ఉద్యోగం యాడికీ పోదు, నెల తర్వాత చేరు."

సుధారాణి తల్లి వైపు చూసింది. రాహేలమ్మ మొహం తిప్పుకుంది. ఆ ఆసుపత్రి అంబులెన్స్ నడిపే డేవిడ్‌రాజు వాళ్ల చర్చి మనిషే. కాదని చెప్పాల్సి వస్తే మధ్య మనిషితో ఇంట్లో ఎవరికో జబ్బని కబురంపడం అక్కడి ఇళ్లల్లో మర్యాద. ఆ అవ్వేమో వాకిట్లో కూచుని వేరుశనక్కాయలు వలుస్తోంది.

ఊఁ అంటే సరిపోయేది. కానీ ఆమెకు సిగ్గేసింది.

"అవ్వకు బాగానే ఉండాది సార్. మీరు నొచ్చుకుంటారని ఇంట్లో అట్ల చెప్పించినారు. నాకు నెల్లూరులో ఐసీయూ పని వచ్చింది, ఒప్పుకున్నాను. మీరు నన్ను నమ్మి పిలిచినారు. ఇంకొకర్ని చూసుకుంటారని ముందే చెప్తా ఉండాను. మెయిల్ కూడా పెడతాను."

సురేంద్రబాబు బేరానికి దిగాడు.

"జీతం పెంచితే వస్తావా?"

"అక్కడ మాటిచ్చినాను సార్. మీకు వస్తానని చెప్పి ఉన్నా ఇట్లనే నిలబడేదాన్ని."

రాహేలమ్మ వచ్చి ఫోన్ లాక్కుంది. "తప్పు నాది సార్. బిడ్డనేమీ అనుకోబాకండి." ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"అనుకోను తల్లీ. బెడ్ వేరేవాళ్లకిస్తాను. సీతారామపురం పిల్ల ఒకామె ఉండాది. మెట్ట పిల్ల గదా, ఏం వస్తుందిలే అని పక్కన పెట్టినాను. ఇప్పుడే పిలుస్తాను."