నారింజ రంగు చీటీ

కెనడాలోని థండర్ బేలో నేనూ నా భార్య కాయిసా కలిసే లాయరు లైసెన్సు పరీక్షకు చదివాం. పుస్తకాలు చూసి రాసే పరీక్ష అది. నేను నోట్సు తిరగరాస్తుంటే ఆమె నవ్వేది.

"పుస్తకం నీతోనే లోపలికొస్తుంది కదయ్యా, మళ్లీ ఎందుకు రాస్తావ్? ఎక్కడుందో దొరికితే చాలు."

అక్షరక్రమంలో విషయసూచిక తయారుచేసి, తన పుస్తకంలో ఒక్కో అధ్యాయం అంచుకు ఒక్కో రంగు చీటీ అంటించింది. వారసత్వానికి నారింజ రంగు. పరీక్షకు ముందే కాయిసా గుండె ఆగి చనిపోయింది.

ఆమె పుస్తకమే హాల్లోకి తీసుకెళ్లాను. భర్త పోయిన ఆవిడ అతని ఆస్తిలోంచి పోషణ కోరాలంటే గడువెంత అని ప్రశ్న. సూచికలో 'పోషణ' చూసి, నారింజ చీటీ పట్టుకుని తిప్పాను. వీలునామాను కోర్టు ఖరారు చేసే ప్రొబేట్ మంజూరైన ఆరు నెలల్లోగా. పక్కనే ఆమె రాత: "ఇది నువ్వు మర్చిపోతావ్."

జవాబుకు గుర్తు పెట్టాను. తర్వాతి ప్రశ్నకు వేరే రంగు కావాలి. ఆ చీటీ మీంచి వేలు తీయలేకపోయాను.