ఇరవై నాలుగు గంటల నీళ్ళు

ఎల్‌బీ నగర్‌లో మేము కిరాయికి ఉంటున్న రెండు పడకగదుల ఫ్లాటును ఓనరు అమ్మకానికి పెట్టాడు. ఫొటోలు తీయడానికి ఒక ఏజెంటు వచ్చాడు. చెప్పులు విప్పకుండా తిన్నగా వంటింట్లోకి నడిచాడు. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది.

"అక్కా, గా కుక్కర్ జర తియ్యి. ఫొటోల మంచిగ కనపడదు."

తీశాను. తర్వాత వెనక బాల్కనీలో మా నీలం డ్రమ్ములు కనిపించాయి అతనికి, తీసేయమన్నాడు. నల్లా రోజు విడిచి రోజు వస్తుంది, ఎండాకాలంలో బోరు ఎండిపోతుంది. అందుకే అందరమూ డ్రమ్ముల్లో పట్టి పెట్టుకుంటాం.

"నిండా ఉన్నయి, కదలవు" అన్నాను.

"గదేంది, ఒంపేస్తే అయిపోతది" అంటూ ఒకదాన్ని వంచేశాడు. తెల్లవారకముందే లేచి పట్టిన నీళ్ళు తూములోకి పోయాయి. నేను అరిచేలోపు రెండోదీ వంచాడు. పడకగది గోడ చెమ్మ మీద సెంటు కొట్టి, మా బీరువా అడ్డం జరిపి ఫొటో తీసుకున్నాడు.

సాయంత్రం ఆ ప్రకటన ఫోన్లో చూశాను. ఖాళీ బాల్కనీ ఫొటో కింద ఇలా ఉంది: "తూర్పు ముఖం, వాస్తు ప్రకారం, లిఫ్టు, కారు పార్కింగు, గాలి వెలుతురు, మెట్రోకి నడిచే దూరం. ఇరవై నాలుగు గంటల నీళ్ళు."

మొదటివన్నీ నిజమే. ఆ చివరి మాట చదువుతుంటే ఒళ్ళు మండింది. మా డ్రమ్ములు ఒంపేసిన చోటే నిలబడి రాసి ఉంటాడు.

ఆదివారం భీమవరం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ ఒక జంటను తీసుకొచ్చాడు. ముందే వాచ్‌మన్‌తో మోటారు వేయించినట్టున్నాడు, వంటింట్లో కుళాయి ధారగా కారింది.

"చూసిండ్రా మేడం, ఎట్ల ఒస్తున్నయో!"

ఆవిడ అతన్ని పట్టించుకోలేదు. నా వైపు తిరిగింది. "మీరు ఉంటున్నారు కదండీ, ఎండాకాలంలో నీళ్ళెలా?"

ఏజెంటు ఆవిడ వెనక నిలబడి నాకు కళ్ళతో సైగ చేశాడు. ఆ చూపు చూస్తేనే రోత పుట్టింది.

"ట్యాంకర్లేనండి" అన్నాను. "బీరువా వెనక గోడ కూడా చూడండి."

ఆవిడ బీరువా పక్కకు జరిపించి చూసింది. భర్తతో, "పదండి, వెళ్దాం" అంది. ఏజెంటు మాత్రం మెట్ల దాకా వాళ్ళ వెంట పడుతూ, "రంగులు ఏయిస్తం సార్, ఓనర్‌తోని మాట్లాడి రేటు జర తగ్గిపిస్త" అంటూనే ఉన్నాడు.

రాత్రి ఓనరు ఫోన్ చేసి ఖాళీ చేయమన్నాడు. నెల తిరక్కుండా దిల్‌సుఖ్‌నగర్‌లో వేరే ఇల్లు చూసుకున్నాం.

సామాన్లు సర్దాక ప్రకటన ఇంకోసారి తెరిచాను. ఒక్క ముక్క కూడా తీయలేదు. పైగా మొదటి వరుసలో కొత్తగా, "ఖాళీగా ఉంది, కిరాయిదారుల గొడవ లేదు" అని చేర్చాడు.